సేల్స్ నుంచి ప్రోడక్ట్, ఆపరేషన్స్, స్ట్రాటజీ ఉద్యోగాలకు ఎలా మారాలి: చేజారిన డీళ్లతో మొదలుపెట్టే పద్ధతి

మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో నాలుగైదేళ్లుగా సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నవారికి టార్గెట్ల ఒత్తిడి విసుగు పుట్టించినప్పుడు మొదట తట్టే ఆలోచన ప్రోడక్ట్ మేనేజ్‌మెంట్ కోర్సులో చేరడం. కోర్సు వల్ల పరిభాష తెలుస్తుంది కానీ, ఇంటర్వ్యూలో కూర్చున్నవారు అడిగేది వేరు. అమ్మకం అనుభవంలోంచి మీరు ఏ సమస్యను కనిపెట్టారు, దానికి ఆధారమేమిటి, ఆ తర్వాత ఏం మారింది అని వారు అడుగుతారు. వాటికి జవాబు చెప్పడానికి కావలసిన సరుకు మీ కంపెనీ సీఆర్‌ఎంలోనే, అందులోనూ ఎవరూ తిరిగి తెరవని చేజారిన డీళ్లలో ఉంటుంది. ఆ డీళ్లను ఎలా చదవాలో, అదే ఆధారం మూడు ఉద్యోగాల్లో మూడు రకాలుగా ఎలా పనికొస్తుందో, ఏ మార్పుకు ఏ నైపుణ్యం కావాలో ఈ వ్యాసంలో వరుసగా చూద్దాం.

మొదటి అడుగు: పేరును కాక పనిని చూడండి

ఆపరేషన్స్ అనే మాటకు ఒక్కో కంపెనీలో ఒక్కో అర్థం ఉంటుంది. అమ్మకాల మనిషికి దగ్గరగా ఉండేది సేల్స్ ఆపరేషన్స్. ఏరియాలు పంచడం, నెలవారీ అంచనాలు తయారు చేయడం, డిస్కౌంట్లకు అనుమతులు ఇవ్వడం, ఇన్సెంటివ్ లెక్కలు కట్టడం, సీఆర్‌ఎం సరిగ్గా నిండేలా చూడడం ఆ విభాగం పనులు. ప్రోడక్ట్ మనిషి ఏ సమస్యను ముందు పరిష్కరించాలో తేల్చి, దాన్ని డెవలపర్లకు అర్థమయ్యేలా రాసి, తయారైనది నిజంగా పనికొచ్చిందో లేదో చూస్తాడు. స్ట్రాటజీ మనిషి ఏ మార్కెట్లో ఉండాలి, ఎవరికి అమ్మాలి, ఎవరిని వదులుకోవాలి అన్న ప్రశ్నలకు అంకెలతో జవాబు రాసి పై అధికారుల ముందు పెడతాడు.

హైదరాబాద్ విషయంలో ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. ఇక్కడ ప్రోడక్ట్ ఉద్యోగాలు చాలావరకు విదేశీ కంపెనీల కేపబిలిటీ సెంటర్లలో ఉంటాయి. ఆ కంపెనీల కస్టమర్లు తరచుగా అమెరికాలోనో యూరప్‌లోనో ఉంటారు కాబట్టి, మన బజారు గురించి మీకున్న తెలివిడి అక్కడ అంతగా అక్కరకు రాదు. అటువంటి చోట్ల అమ్మకాల నేపథ్యానికి విలువ దొరికేది ఎక్కువగా ఆపరేషన్స్ విభాగంలోనే. ప్రోడక్ట్ వైపే వెళ్లాలనుకుంటే, మన దేశపు వ్యాపారులకే అమ్మే కంపెనీలు, టీ-హబ్ చుట్టుపక్కల కనిపించే చిన్న స్టార్టప్‌లు మీకు మెరుగైన దారి. కంపెనీనీ ఉద్యోగాన్నీ ఒకేసారి మార్చాలనుకోవడం అన్నిటికన్నా కష్టమైన పని. వీలైతే ముందు ఉన్న కంపెనీలోనే పని మార్చుకోండి, ఆ తర్వాత అదే పనితో కంపెనీ మారండి.

రెండో అడుగు: చేజారిన డీళ్లను చదవండి

ఒక ఉదాహరణను చివరివరకూ పట్టుకుని వెళ్దాం. బిల్లింగ్, స్టాకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్‌ను బేగంబజార్, రాణిగంజ్, ట్రూప్ బజార్ హోల్‌సేల్ వ్యాపారులకు మీరు అమ్ముతున్నారనుకోండి. ఏడాది చందా 18,000 రూపాయలు. విషయం తేలికగా అర్థం కావడానికి ఇక్కడి అంకెలను నేను ఊహించి పెట్టాను, మీ కంపెనీ అంకెలు మీరు వేసుకోవాలి.

గత రెండు త్రైమాసికాల్లో మీ టీమ్ చేజార్చుకున్న డీళ్లన్నిటినీ బయటికి తీయండి. సీఆర్‌ఎం నుంచి ఎక్సెల్‌లోకి దించుకుని పివట్ టేబుల్ వేసినా సరిపోతుంది. మీ కంపెనీ డేటాబేస్ చూసే అనుమతి ఉంటే ఈ చిన్న క్వెరీ చాలు, పట్టికల పేర్లు మాత్రం మీ దగ్గర వేరుగా ఉండవచ్చు, తేదీని కూడా మీ గత రెండు త్రైమాసికాలు మొదలైన రోజుకు మార్చుకోండి.

```sql
SELECT loss_reason, COUNT(*) AS deals, SUM(amount) AS value
FROM opportunities
WHERE stage = 'Closed Lost'
  AND close_date >= '2025-04-01'
GROUP BY loss_reason
ORDER BY deals DESC;
```

మొత్తం 96 డీళ్లు వచ్చాయనుకుందాం. వాటిలో 58 డీళ్లకు కారణం 'ధర' అని, 21 డీళ్లకు 'స్పందన లేదు' అని, 17 డీళ్లకు 'పోటీ కంపెనీ' అని రాసి ఉంది. ఇక్కడితో ఆగిపోయి "మన ధర ఎక్కువ" అని మీటింగ్‌లో చెప్పేవారు ప్రతి టీమ్‌లోనూ ఉంటారు. అయితే సేల్స్‌లో పనిచేసిన మీకు ఆ గడి ఎలా నిండుతుందో బాగా తెలుసు. నెలాఖరు సాయంత్రం మేనేజర్ "పాతవన్నీ మూసేయండి" అంటే, జాబితాలో మొదట కనిపించే కారణాన్ని నొక్కి వెళ్లిపోతాం. పైగా ధర అని రాస్తే తప్పు మనమీదికి రాదు. బయటినుంచి వచ్చిన విశ్లేషకుడికి లేని మీ ఆధిక్యం ఈ ఎరుకే.

కాబట్టి ఆ 58 డీళ్లనూ మరోసారి, ఈసారి కారణాన్ని పక్కనపెట్టి, ఏ దశలో ఆగిపోయాయో చూసి విడగొట్టండి. సీఆర్‌ఎంలో దశ మారిన తేదీలు, కొటేషన్ వెళ్లిన తేదీ, కాల్ నోట్స్ ఉంటాయి. వాటిలో 31 డీళ్లు డెమో అయ్యాక, కొటేషన్ పంపకముందే ఆగిపోయాయని తేలిందనుకోండి. ధరే వినని మనిషి ధర ఎక్కువని ఎలా వెళ్లిపోతాడు? ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. డెమోలో నోటిమాటగా రేటు చెప్పి ఉండవచ్చు, లేదా వెబ్‌సైట్‌లో రేట్లు ఉండవచ్చు. కాల్ నోట్స్ చదివి అలాంటివి తీసేయండి. ఆ వడపోత తర్వాత కూడా ఎక్కువ భాగం మిగిలితే, అక్కడ అసలు కారణం ఇంకోటి ఉందన్నమాట.

ఇప్పుడు ఆ వ్యాపారుల్లో పన్నెండు మందికి ఫోన్ చేయండి, వీలైతే దుకాణానికే వెళ్లండి. అమ్మడానికి రాలేదని మొదటే చెప్పాలి. ఆ మాట మీద నిలబడడం మనవాళ్లకు కొంచెం కష్టమే. "మా సాఫ్ట్‌వేర్ ఎందుకు నచ్చలేదు" అని అడిగితే మర్యాద జవాబులే వస్తాయి. "ఆ రోజు మేము వెళ్లిపోయాక ఏం జరిగింది, ఎవరితో మాట్లాడారు" అని జరిగినది అడగండి. రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ దుకాణం నడిపే ఆయన ఇలా అనవచ్చు: "సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది సార్. కానీ ఎనిమిది వందల పార్టీల బాకీలు, ఇంత స్టాకు మళ్లీ ఎవరు ఎక్కించాలి? మా అకౌంటెంట్ వారానికి రెండు రోజులే వస్తాడు. ఆయన్ని అడిగితే వద్దన్నాడు." పన్నెండు మందిలో ఎనిమిది మంది ఏదో ఒక రూపంలో ఇదే చెబితే, మీ చేతికి ఒక విషయం చిక్కినట్టు. ఇప్పుడు ట్యాలీలో ఉన్న లెక్కలను కొత్త దానిలోకి మార్చే పని ఎవరు చేస్తారన్న భయమే డీళ్లను ఆపుతోంది, ఆ భయాన్ని పైకి చెప్పేది యజమాని అయినా, నిర్ణయం మాత్రం డెమో సమయంలో అక్కడ లేని అకౌంటెంట్‌ది.

పన్నెండు మందితో మాట్లాడితే శాతాలు చెప్పడానికి వీల్లేదు, కారణాన్ని గుర్తుపట్టడానికి మాత్రం చాలు. మీ నోట్‌లోనూ అలాగే రాయండి. "66 శాతం కస్టమర్లు" అని రాశారంటే అంకెలు తెలిసినవారు అక్కడే మిమ్మల్ని పట్టుకుంటారు.

మూడో అడుగు: అదే ఆధారాన్ని మూడు వైపుల నుంచి రాసి చూడండి

మీకు ఏ ఉద్యోగం నప్పుతుందో తేల్చుకోవడానికి నాకు తెలిసిన మంచి పరీక్ష, ఈ 31 డీళ్ల గురించే ఒక్కో పేజీ చొప్పున మూడు నోట్లు రాయడం. ఏ నోట్ రాస్తున్నప్పుడు సమయం తెలియలేదో, ఏది ఈడ్చుకుంటూ రాశారో మీకే కనిపిస్తుంది.

*ఆపరేషన్స్ నోట్* ముందు చూద్దాం. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క అక్షరం మార్చకుండా, వచ్చే నెల నుంచే ఏం చేయవచ్చన్నది ఇక్కడి ప్రశ్న. డెమోకు అకౌంటెంట్ కూడా ఉన్నప్పుడే వెళ్లాలన్న నియమం పెట్టవచ్చు. లెక్కలు మార్చే పనికి ఒక మనిషిని కేటాయించి, రెండు రోజుల్లో పూర్తి చేస్తామని కొటేషన్‌లోనే రాయవచ్చు. కొటేషన్ వెళ్లని డీల్‌ను 'ధర' అనే కారణంతో మూసే వీలు లేకుండా సీఆర్‌ఎంలో అడ్డుకట్ట వేయవచ్చు. ఆ తర్వాత డెమో నుంచి కొటేషన్ దాకా వెళ్తున్న డీళ్ల వాటా పెరిగిందో లేదో రెండు నెలలు చూడాలి. అందుకు కొత్త పద్ధతిని ముందు ఒక్క ఏరియాలో, ఉదాహరణకు రాణిగంజ్‌లో పెట్టి, ట్రూప్ బజార్‌ను పాత పద్ధతిలోనే ఉంచితే తేడా పోల్చుకోవచ్చు. పూర్తిగా ఒకే రకమైన బజార్లు కాకపోయినా, దసరా, దీపావళి గిరాకీ లాంటి కాలప్రభావం రెంటిమీదా దాదాపు ఒకేలా పడుతుంది.

*ప్రోడక్ట్ నోట్*‌లో ప్రశ్న మారుతుంది. ఈ భయాన్ని సాఫ్ట్‌వేరే తీర్చాలంటే, అన్నిటికన్నా తక్కువగా ఏం తయారు చేస్తే సరిపోతుంది? సేల్స్ అలవాటు ప్రకారం "ట్యాలీ నుంచి అన్నీ ఆటోమేటిక్‌గా రావాలి" అని రాయాలనిపిస్తుంది. అది సమస్యను వివరించదు, మీకు తోచిన పరిష్కారాన్ని మాత్రమే చెబుతుంది. దుకాణంలో కూర్చుని గమనిస్తే, గత ఐదేళ్ల బిల్లులు కొత్త దానిలో ఎవరికీ అక్కరలేదని తెలుస్తుంది. వాటికోసం ట్యాలీ ఎలాగూ కంప్యూటర్‌లో ఉంటుంది. కావలసింది పార్టీల పేర్లు, ఒక తేదీ నాటికి వారి బాకీలు, ఆ తేదీ నాటి స్టాకు, ఈ మూడే. ట్యాలీ నుంచి వీటిని ఎక్సెల్ రూపంలోనో ఎక్స్ఎంఎల్ రూపంలోనో బయటికి తీయవచ్చు.

అక్కడి నుంచి చిక్కులు మొదలవుతాయి, ప్రోడక్ట్ పనిలో రుచి కూడా అక్కడే ఉంటుంది. ఒకే పార్టీ పేరు రెండు స్పెల్లింగులతో రెండు లెడ్జర్లుగా ఉంటుంది. మనకు రావలసిన బాకీ, మనం ఇవ్వవలసిన బాకీ తిరగబడితే, అప్పు పడ్డవాడు అప్పిచ్చినవాడుగా కనిపిస్తాడు. స్టాకు ఒకచోట బాక్సుల్లో, మరోచోట పీసుల్లో ఉంటుంది. డబ్బాకు వంద స్క్రూలో, నూట నలభై నాలుగో ఆ దుకాణంలో పనిచేసే గుమస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. కాబట్టి నోట్‌లో "సులభంగా ఇంపోర్ట్ కావాలి" అని వదిలేయకుండా, పని పూర్తయిందని ఎలా తెలుస్తుందో రాయాలి. ఇంపోర్ట్ అయ్యాక రెండు సాఫ్ట్‌వేర్లలోనూ ట్రయల్ బ్యాలెన్స్ పైసాతో సహా సరిపోవాలి. సరిపోకపోతే ఏ లెడ్జర్ దగ్గర తేడా ఉందో తెరమీద చూపించాలి. యూనిట్ తెలియని సరుకును ఊహించి ఎక్కించకుండా పక్కన పెట్టి అడగాలి. అకౌంటెంట్ మనసు మార్చేది ట్రయల్ బ్యాలెన్స్ సరిపోవడమే తప్ప, మన స్క్రీన్ అందం కాదు.

*స్ట్రాటజీ నోట్* ఇంకా వెనక్కి జరిగి, అసలు ఈ వ్యాపారులకు అమ్మడం గిట్టుబాటేనా అని అడుగుతుంది. ఒక ఫీల్డ్ సేల్స్ మనిషికి జీతం, పెట్రోలు, ఇన్సెంటివ్ కలిపి నెలకు 75,000 ఖర్చవుతుందని, అతను నెలకు ఐదు డీళ్లు చేస్తాడని అనుకుందాం. ఒక్కో కస్టమర్‌ను తెచ్చుకోవడానికి 15,000 పడింది. లెక్కలు మార్చిపెట్టే మనిషి ఖర్చు మరో 3,000 కలిపితే 18,000. ఏడాది చందా 18,000లో సర్వర్లు, సపోర్టు ఖర్చులు పోగా 70 శాతం, అంటే 12,600 మిగులుతుందనుకుంటే, పెట్టిన డబ్బు వెనక్కి రావడానికి సుమారు 17 నెలలు పడుతుంది. మొదటి ఏడాది అయ్యాక రెన్యువల్ చేయని ప్రతి కస్టమర్ నష్టమే అన్నమాట.

ఇప్పుడు ఆపరేషన్స్ మార్పు వల్ల నెలకు ఐదు డీళ్లు ఏడయ్యాయనుకోండి. కస్టమర్‌కు అమ్మకం ఖర్చు సుమారు 10,700కు దిగుతుంది, మార్పిడి ఖర్చుతో కలిపి 13,700. వెనక్కి వచ్చే కాలం 13 నెలలు. బాగా తగ్గింది, అయినా ఏడాది దాటే ఉంది. ఆ 3,000ను ఇన్‌స్టలేషన్ ఛార్జీగా కస్టమర్ దగ్గరే తీసుకుంటే పది నెలలకు వస్తుంది, కానీ ఛార్జీ పెడితే ఏడు డీళ్లు మళ్లీ ఆరుకు పడిపోవచ్చు. ఆరుకు పడినా 12,500 ఖర్చు, పన్నెండు నెలల లోపే. ఈ రకమైన "ఇలా అయితే ఏమిటి, అలా అయితే ఏమిటి" అన్న లెక్క మీకు ఆసక్తిగా అనిపిస్తే స్ట్రాటజీ పని మీకు నప్పవచ్చు.

ఆ నోట్‌లో మార్కెట్‌ను విడగొట్టి చూడడం కూడా అవసరం. జీఎస్టీలో ఈ-ఇన్వాయిస్ 2020 అక్టోబర్ 1న 500 కోట్లు దాటిన టర్నోవర్ ఉన్నవారితో మొదలై, మెట్టు మెట్టుగా దిగుతూ 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటినవారికి తప్పనిసరి అయింది. 5 కోట్లు దాటిన హోల్‌సేల్ వ్యాపారి అప్పుడే తన సాఫ్ట్‌వేర్‌ను అందుకు తగ్గట్టు సర్దుకున్నాడు, కాబట్టి ఇప్పుడు మళ్లీ మారమంటే అతనికి తొందరేమీ లేదు. ఆ గీతకు దిగువన ఉన్నవారికి నియమం ఇంకా తగల్లేదు, పరిమితి మరింత తగ్గితే మాత్రం మారక తప్పదు. వీరిలో ఎవరిమీద సేల్స్ మనిషి సమయం పెట్టాలన్నది స్ట్రాటజీ ప్రశ్న. దానికి మీ 96 డీళ్లను టర్నోవర్ ప్రకారం విడగొట్టడమే మొదటి ఆధారం.

నాలుగో అడుగు: ఎంచుకున్న దారికి తగిన నైపుణ్యం పెంచుకోండి

ఆపరేషన్స్‌కు సాంకేతికంగా కావలసింది ఎక్కువేమీ కాదు. ఎక్సెల్‌లో పివట్, లుకప్‌లు తడుముకోకుండా రావాలి, పైన చూపినంత ఎస్‌క్యూఎల్, దానికి తోడు రెండు పట్టికలను కలిపే జాయిన్ రావాలి, సీఆర్‌ఎంలో రిపోర్టులు, నియమాలు పెట్టడం తెలియాలి. చేతి అభ్యాసానికి ఒక పని చెబుతాను. ప్రతి నెల ఐదో తేదీన మీ టీమ్ చెప్పిన అంచనాను ఒక చోట దాచి, నెలాఖరున వచ్చిన అసలు అంకె పక్కన పెట్టండి. నాలుగైదు నెలలకు ఎవరు ఎప్పుడూ ఎక్కువ చెబుతారో, ఎవరు టార్గెట్ నిండగానే డీళ్లను వచ్చే త్రైమాసికానికి దాచుకుంటారో కనిపిస్తుంది. దాచుకోవడం మీకూ తెలిసిన విద్యే కాబట్టి, ఇన్సెంటివ్ నియమాల్లో ఏ వాక్యం ఆ అలవాటును పెంచుతోందో మీరు తొందరగా పట్టగలరు. కష్టమైన సంగతి మనుషులకు సంబంధించినది. నిన్నటిదాకా కలిసి టీ తాగిన స్నేహితుడు ఇరవై శాతం డిస్కౌంట్‌కు అనుమతి అడిగితే, నియమం చూపించి కాదనాలి. దానికి సిద్ధం కానివారు ఈ దారి ఎంచుకోకపోవడమే మంచిది.

ప్రోడక్ట్‌కు నేర్చుకోవలసిన వాటికన్నా మానుకోవలసినవే ఎక్కువ. అభ్యంతరం వినగానే జవాబు చెప్పడం సేల్స్‌లో గుణం, కస్టమర్ ఇంటర్వ్యూలో దోషం. ఎదుటివాడు ఆగినప్పుడు మీరూ ఆగగలగాలి. "ఈ ఫీచర్ ఉంటే వాడతారా" అని అడిగితే అందరూ అవుననే అంటారు, ఆ జవాబుకు విలువ లేదు. "పోయినసారి ఈ చిక్కు వచ్చినప్పుడు ఏం చేశారు" అన్నదానికి వచ్చే జవాబుకే విలువ. ఒక పెద్ద కస్టమర్ గట్టిగా అడిగింది పదిమంది చిన్నవారికి అక్కరలేనిదైతే కాదనాలి. ఆ కస్టమర్‌ను తెచ్చిన సేల్స్ మనిషి ఫోన్ చేసి కోప్పడినా మాట మార్చకూడదు. కోడ్ రాయడం రాకపోయినా ఫర్వాలేదు. అయితే సమాచారం ఏ పట్టికలో ఎలా దాగి ఉంటుందో, ఏపీఐ అంటే ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదాన్ని ఏ పద్ధతిలో అడుగుతుందో తెలియకపోతే, డెవలపర్ "రెండు వారాలు పడుతుంది" అన్నప్పుడు ఎందుకో అడిగే శక్తి ఉండదు. ఇందుకు మీ టీమ్‌లోని ఒక డెవలపర్‌తో స్నేహం చేసి, ఇప్పటికే అమ్ముతున్న ఒక్క ఫీచర్ లోపల ఎలా పనిచేస్తుందో మొదటినుంచి చివరిదాకా చెప్పించుకోండి.

స్ట్రాటజీ గురించి దాపరికం లేకుండా చెప్పాలి. ఆ విభాగంలో కుర్చీలు తక్కువ, ఉన్నవాటిలోకి కన్సల్టింగ్ కంపెనీల నుంచో, పెద్ద బిజినెస్ స్కూళ్ల నుంచో వచ్చినవారిని తీసుకోవడం పరిపాటి. గచ్చిబౌలిలోని ఐఎస్‌బీలో ఏడాది చదివి వెళ్లడం ఒక దారే గానీ, ఫీజు, వదులుకున్న జీతం రెండూ లెక్కవేసుకున్నాకే ఆ మాట అనుకోవాలి. చదువు లేకుండా వెళ్లే దారి సేల్స్ ఆపరేషన్స్‌లో కుదురుకుని, ఏటా జరిగే బడ్జెట్, టార్గెట్ల ప్రణాళికలో చేయి పెట్టడం. కావలసిన నైపుణ్యాలు రెండు. మొదటిది, పైన చేసినలాంటి లెక్కను ఊహలన్నీ వేరే గడుల్లో కనిపించేలా ఎక్సెల్‌లో కట్టడం. రెండోది, రెండు పేజీల్లో, స్లైడ్లు లేకుండా, నిర్ణయాన్ని మొదటి పేరాలోనే చెప్పి దానికి వ్యతిరేకంగా ఉన్న ఆధారాన్ని కూడా దాచకుండా రాయడం. కస్టమర్‌కు నచ్చేవే చెప్పడానికి అలవాటుపడ్డ చేతికి ఆ చివరి భాగం అంత తేలిగ్గా రాదు.

ఐదో అడుగు: సమయం చూసి అడగండి

ఏప్రిల్ నుంచి మార్చి వరకు లెక్కలు చూసే కంపెనీలో కొత్త పోస్టుల బడ్జెట్ జనవరి, ఫిబ్రవరిల్లో ఖరారవుతుంది, ఏరియాలు ఏప్రిల్‌లో మళ్లీ పంచుతారు. అందువల్ల డిసెంబర్‌లో విషయం ఎత్తి, ఏప్రిల్‌లో మారడం అందరికీ సులువు. మార్చిలో అడిగితే మీ మేనేజర్‌కు ఏడాది టార్గెట్ తప్ప ఇంకేమీ వినపడదు. అమెరికా లెక్కన జనవరి నుంచి డిసెంబర్ వరకు నడిచే కంపెనీల్లో ఇదంతా మూడు నెలలు ముందుగానే చేసుకోవాలి. అంతర్గత బదిలీకి ఒకే పనిలో ఏడాదో ఏడాదిన్నరో పూర్తి కావాలని, మేనేజర్ అంగీకారం ఉండాలని చాలా కంపెనీలు నియమం పెడతాయి. హెచ్‌ఆర్ పాలసీలో అది ముందే చూసుకోండి.

మేనేజర్‌కు ఇతరుల ద్వారా తెలియకముందే మీరే చెప్పాలి. ఆయన భయం ఒక్కటే, మీ టార్గెట్ ఎవరు మోస్తారని. "సార్, టార్గెట్ వదలకుండానే నెలకోసారి చేజారిన డీళ్ల సమీక్ష నేను చేసిపెడతాను, బాగుంటే ఏప్రిల్‌లో మాట్లాడుకుందాం" అంటే కాదనడానికి కారణం ఉండదు. టార్గెట్ అందుకోలేని త్రైమాసికం తర్వాత ఈ మాట ఎత్తితే పారిపోతున్నారనే అనుకుంటారు, కాబట్టి ఒక మంచి త్రైమాసికం చూపించాకే అడగండి.

ఆరో అడుగు: జీతం లెక్క

మీ సీటీసీ 15 లక్షలు, అందులో స్థిర జీతం 9, వేరియబుల్ 6 అనుకుందాం. ఆపరేషన్స్‌లో స్థిర జీతం 11.5 లక్షలు, బోనస్ లక్ష ఇస్తామన్నారు. పదిహేను నుంచి పన్నెండున్నరకు దిగినట్టు కనిపిస్తుంది. కానీ గత రెండేళ్ల పే స్లిప్పులు తీసి, వేరియబుల్‌లో నిజంగా చేతికొచ్చింది ఎంతో చూడండి. సగటున 4 లక్షలే అయితే మీ అసలు ఆదాయం 13 లక్షలు, తేడా అర లక్ష. ఏటా టార్గెట్ దాటి వేరియబుల్‌లోనే 9 లక్షలు సంపాదించేవారికి మాత్రం నష్టం నిజమైనదే, ఆ నష్టాన్ని ఇంట్లో మాట్లాడుకున్నాకే అడుగు వేయాలి.

పాత ఇన్సెంటివ్ సంగతి చాలామంది మరచిపోతారు. అనేక కంపెనీలు డీల్ కుదిరినప్పుడు కాక, కస్టమర్ డబ్బు జమ అయ్యాకే ఇన్సెంటివ్ ఇస్తాయి, ఆ రోజు మీరు ఇంకా సేల్స్‌లోనే ఉండాలని కూడా కొన్ని పాలసీలు అంటాయి. మార్చిలో కుదిర్చిన డీళ్ల డబ్బు మేలో వస్తే, ఏప్రిల్‌లో మారిన మీకు ఏమీ రాకపోవచ్చు. బదిలీ ఉత్తర్వు రాకముందే ఆ డీళ్ల జాబితా రాసి, వాటి ఇన్సెంటివ్ మీకే చెల్లిస్తారని ఈమెయిల్‌లో తీసుకోండి.

ఏడో అడుగు: రెజ్యూమే, ఇంటర్వ్యూ

"టార్గెట్‌లో 112 శాతం సాధించాను" అన్న వాక్యం సేల్స్ ఉద్యోగానికి సరిపోతుంది. మారాలనుకునేవారు ఆ వాక్యాన్ని రెజ్యూమేలో కిందికి జరిపి, పైన ఇలాంటిది రాయాలి: "ధర కారణంగా పోయాయనుకున్న 58 డీళ్లలో 31 కొటేషన్‌కు ముందే ఆగిపోయాయని గుర్తించి, డెమోకు అకౌంటెంట్‌ను పిలిచే పద్ధతిని ఒక ఏరియాలో ప్రవేశపెట్టి, ఫలితాన్ని మరో ఏరియాతో పోల్చాను." ఫలితం అనుకున్నంత రాకపోతే అదీ చెప్పండి. ఎందుకు రాలేదో వివరించగలిగినవారిని ఇంటర్వ్యూ చేసేవారు ఎక్కువగా నమ్ముతారు.

బయటి కంపెనీకి ఈ పని చూపించేటప్పుడు కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, అసలు రేట్లు బయటికి తీసుకెళ్లకూడదు. మీరు సంతకం చేసిన గోప్యత ఒప్పందం అందుకు ఒప్పుకోదు. పైగా పాత కంపెనీ డేటా తెరిచి చూపించే మనిషిని చూసి, రేపు మా డేటా కూడా ఇలాగే వెళ్తుందని ఎదుటివారు అనుకుంటారు. అంకెలను నిష్పత్తులుగా మార్చి, వ్యాపారాలను "ఒక హార్డ్‌వేర్ హోల్‌సేలర్" అని మాత్రమే చెప్పండి.

మారిన తర్వాత మొదటి మూడు నెలలు

పాత కస్టమర్లు మీకే ఫోన్ చేస్తూ ఉంటారు. రాణిగంజ్ ఆయనకు బిల్లు ప్రింట్ కాకపోతే సపోర్టు నంబర్ కన్నా మీ నంబరే ముందు గుర్తొస్తుంది. మారకముందే ప్రతి ఖాతాకూ కొత్త మనిషిని వెంటబెట్టుకుని వెళ్లి పరిచయం చేయండి. వాగ్దానం చేసినవి, బాకీ ఉన్నవి, ఎవరికి ఏ డిస్కౌంట్ ఇస్తామన్నదీ ఒక పట్టికగా రాసి అప్పగించండి. నోటిమాటగా మీరిచ్చిన హామీ ఏదైనా ఆ పట్టికలో లేకపోతే, ఆ గొడవ ఆరు నెలల తర్వాత మీ కొత్త మేనేజర్ దగ్గరికే వస్తుంది. ఆ తర్వాత వచ్చే ఫోన్లకు "అన్నా, ఇప్పుడు మీ ఖాతా ఆయనే చూస్తున్నారు, నేనే ఆయనకు చెప్పి పంపిస్తాను" అని, నిజంగానే చెప్పి పంపండి. మీరే కూర్చుని సరిచేస్తూ పోతే, ఏ పని కోసం మారారో దానికి రోజులో సమయం మిగలదు. నెలకో ఇద్దరు ముగ్గురు పాత కస్టమర్లను మాత్రం మీరే ఎంచుకుని కలవండి, ఈసారి నోట్‌బుక్‌తో, అడగవలసిన ప్రశ్నలు ముందే రాసుకుని వెళ్లండి.